నాన్నా, రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా ఈ కొలతలు మళ్లీ చూడండి

నాన్నా, హెల్త్ చెకప్ రిపోర్టు మొత్తం చదివాను. మూడో పేజీలో ఎత్తు 170 సెం.మీ., బరువు 71.5 కిలోలు, బీఎంఐ 24.7 అని వేసి, పక్కన ‘నార్మల్’ అని ముద్ర కొట్టారు. కింద నడుము 36 అంగుళాలు అని ఉంది. ఆ ‘నార్మల్’ చూసి మీరు మిగతా పేజీలు తిప్పలేదని అమ్మ చెప్పింది. తిప్పకపోవడంలో మీ తప్పేం లేదు, ఆ మాట అక్కడ ఉంటే ఎవరైనా ఫైలు మూసేస్తారు.

కానీ అందులో ఎత్తు వాళ్లు కొలిచింది కాదు, మీరు నోటితో చెప్పింది. నడుము కూడా కొలిచింది కాదు, మీ ప్యాంటు సైజు. ఇక ‘నార్మల్’ అన్నది యూరప్, అమెరికా వాళ్ల గీత మీద పెట్టి చెప్పిన మాట. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ చేత కొలిపించినప్పుడు ఎత్తు 167, బరువు 70.6, నడుము 97 సెంటీమీటర్లు వచ్చాయి. ఈ మూడు అంకెలతో కథ మారిపోయింది. ఎలా మారిందో, వచ్చే నెల నేను లైన్‌లో లేకుండా మీరిద్దరే ఎలా కొలుచుకోవాలో వరసగా రాస్తున్నాను. ఒక్కసారిగా చదవక్కర్లేదు, కొలిచేటప్పుడు ఫోన్ పక్కన పెట్టుకుంటే చాలు.

ముందు ఎత్తు

మీరు చెప్పిన 170 ఉద్యోగంలో చేరినప్పటి మెడికల్ టెస్టుది. నలభై దాటాక వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు పలచబడుతూ వస్తాయి, వెన్ను కొద్దిగా వంగుతుంది. దాదాపు పదేళ్లకో సెంటీమీటరు చొప్పున తగ్గడం మామూలే. 61 ఏళ్లకు మూడు సెంటీమీటర్లు తగ్గడంలో భయపడాల్సింది లేదు. అయితే తక్కువ కాలంలో రెండు సెంటీమీటర్లు తగ్గినా, మొత్తం మీద నాలుగు తగ్గినా, వెన్నునొప్పితో పాటు తగ్గినా ఎముకల డాక్టరుకు చూపించాలి.

మూడు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. బీఎంఐ లెక్కలో బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తాం కాబట్టి చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. అదే 70.6 కిలోలకు ఎత్తు 170 వేస్తే 24.4, 167 వేస్తే 25.3. దాదాపు ఒక పాయింటు తేడా వచ్చింది.

కొలిచే పద్ధతి ఇది. హాల్లో గోడకు వద్దు. మన ఫ్లాట్‌లో గోడ అడుగున టైల్ స్కర్టింగ్ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. మడమలు దానికి తగిలితే వీపు గోడకు ఆనదు, ఆనించాలని వెనక్కి వాలితే ఎత్తు తప్పు వస్తుంది. బెడ్‌రూమ్ తలుపు చెక్క నేల దాకా సాపుగా ఉంది, అది మూసి దానికి ఆనుకుని నిలబడండి. చెప్పులు, సాక్సులు లేకుండా, మడమలు, పిరుదులు, భుజాలు తలుపుకు తగలాలి. తల వెనక భాగం తగలకపోతే బలవంతంగా నెట్టొద్దు, అలా నెడితే గడ్డం పైకి లేస్తుంది. చూపు ఎదురుగా, కంటి కింది అంచు, చెవి రంధ్రం ఒకే మట్టంలో ఉండాలి.

ఇప్పుడు అమ్మ ఒక గట్టి అట్ట పుస్తకాన్ని, ఒక అంచు తలుపుకు పూర్తిగా ఆనేలా నిలబెట్టి, జుట్టు అణిగేదాకా తల మీదికి దించాలి. పుస్తకం అడుగు తలుపును తాకిన చోట పెన్సిల్ గీత పెట్టాలి. మీరు పక్కకు తప్పుకున్నాక నేల నుంచి గీత దాకా స్టీలు టేపుతో కొలవాలి. పుస్తకం ఒకవైపు వాలితే అర సెంటీమీటరు సులువుగా తప్పుతుంది కాబట్టి రెండుసార్లు చేయండి. ఉదయమే కొలవండి, సాయంత్రానికి మనిషి దాదాపు సెంటీమీటరు కుంగుతాడు. ఎత్తు ఏడాదికోసారి చూసుకుంటే చాలు.

బరువు, దానితో వచ్చే తికమక

తూకం మెషీన్‌ను బాత్రూమ్ ముందున్న మ్యాట్ మీద పెట్టకండి. మెత్తటి చోట దాని కాళ్లు దిగబడి అంకె మారుతుంది. గట్టి నేల మీద, నాలుగు కాళ్లూ ఆనేలా పెట్టాలి. మెషీన్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి విప్పని ఐదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ చాలు. ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత ప్యాకెట్ పట్టుకుని ఎక్కండి. తేడా 4.9కి, 5.1కి మధ్య ఉంటే మెషీన్ బాగున్నట్టే.

ఇంకో సంగతి. కొన్ని డిజిటల్ మెషీన్లు పాత అంకెను గుర్తు పెట్టుకుంటాయి. కాసేపటి తర్వాత మళ్లీ ఎక్కినప్పుడు బరువు కాస్త అటూ ఇటుగా ఉంటే కొత్తగా తూచకుండా పాతదే చూపిస్తాయి. మూడుసార్లూ 70.6 వచ్చిందంటే మెషీన్ ఎంత కచ్చితమో అని మురిసిపోనక్కర్లేదు. మధ్యలో ఒకసారి గోధుమపిండి ప్యాకెట్‌తో ఎక్కి దిగితే ఆ పాత అంకె పోతుంది.

ఉదయం లేచి, కాలకృత్యాలు అయ్యాక, కాఫీకి ముందు, లుంగీ బనీనుతో తూచుకోండి. ల్యాబులో 71.5 రావడానికి ప్యాంటు, బెల్టు, జేబులోని తాళాలు, ఫోనే కారణం. ముందురోజు బిర్యానీయో ఆవకాయో గట్టిగా పడితే ఉప్పు పట్టి ఉంచిన నీటితోనే మర్నాడు కిలో దాకా పెరుగుతుంది. అది కొవ్వు కాదు, రెండు రోజుల్లో దిగుతుంది. అందుకే రోజూ తూచుకోవద్దు. వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు చాలు.

నడుము: అందరూ తప్పు చేసేది ఇక్కడే

మీ ప్యాంటు 36 అంగుళాలంటే 91.4 సెంటీమీటర్లు. అమ్మ కొలిస్తే 97, అంటే 38 అంగుళాల పైమాట. ప్యాంటును మీరు పొట్ట కిందికి దించి కట్టుకుంటారు, పొట్ట బెల్టు పైన ఉంటుంది. కాబట్టి ప్యాంటు సైజు చెప్పేది తుంటి కొలత. పైగా రెడీమేడ్ కంపెనీలు చీటీ మీద వేసే 36కి, లోపల గుడ్డకి ఉన్న కొలతకి పొంతన ఉండదు. పదేళ్లుగా అదే సైజు వేసుకుంటున్నానని మీరన్నారు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు కిందికి జారుతూ వస్తుంది, సైజు మారదు.

ఎక్కడ కొలవాలన్నది దేశాన్ని బట్టి కాస్త మారుతుంది. నేనుండే అమెరికాలో తుంటి ఎముకకు సరిగ్గా పైన పెట్టి కొలిచే పద్ధతి ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా నడిమధ్యన. మనం ఇదే పాటిద్దాం, కింద చెప్పబోయే 90 సెంటీమీటర్ల గీతను కూడా దీనితోనే వాడతారు. బొడ్డు గుర్తుగా పెట్టుకోవద్దు. పొట్ట జారినవాళ్లలో బొడ్డు కూడా కిందికి జారి ఉంటుంది, రెండు నెలల తర్వాత పొట్ట తగ్గినప్పుడు అది వేరే చోట ఉంటుంది.

టేపు దర్జీ వాడేదే పనికొస్తుంది, కానీ ఇంట్లో కుట్టుమిషన్ డ్రాయర్‌లోని పాత టేపు వద్దు. గుడ్డ టేపులు ఏళ్ల తరబడి లాగి లాగి సాగిపోతాయి, సాగిన టేపు నడుమును తక్కువ చూపిస్తుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి 30 సెంటీమీటర్లు సరిపోతున్నాయో లేదో చూడండి. సరిపోకపోతే కొత్తది కొనండి, బయటకు వెళ్తే ఏ కుట్టుసామాన్ల కొట్టులోనైనా దొరుకుతుంది. టేపుకు ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి, సెంటీమీటర్ల వైపే పైకి ఉంచండి.

ఇక కొలవడం. బరువు చూసుకున్న వెంటనే, టిఫిన్‌కు ముందు చేయండి. బనీను పైకి మడిచి, లుంగీ ముడి కిందికి దించి, పాదాలు దగ్గరగా పెట్టి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిలబడండి. చేతులు పక్కలకు వదిలేయండి.

అమ్మ చంక మధ్య నుంచి నిలువుగా కిందికి వేలితో తడుముతూ రావాలి. గట్టిగా తగిలే పక్కటెముకలు అయిపోయి మెత్తగా మొదలయ్యే చోట పెన్నుతో చిన్న చుక్క పెట్టాలి. తర్వాత చెయ్యి తుంటి మీద పెట్టి, పైకి నొక్కుతూ వెళ్తే ఎముక అంచు ఆగే చోట ఇంకో చుక్క. ముందువైపు పొడుచుకొచ్చే ఎముక కాదు, పక్కన ఉండే పైఅంచు. పొట్ట ఉన్నవాళ్లలో ఇది చర్మం కింద లోతుగా ఉంటుంది, కాస్త గట్టిగానే నొక్కాలి. దొరక్కపోతే మీరు ఒక కాలు కొద్దిగా ఎత్తి దించండి, ఎముక కదలిక చేతికి తెలుస్తుంది. ఈ రెండు చుక్కల మధ్య దూరాన్ని సగం చేసి మూడో చుక్క పెట్టాలి. ఎడమవైపు కూడా ఇలాగే.

టేపు ఆ రెండు మధ్య చుక్కల మీదుగా వెళ్లాలి. ఆదివారం మొదటిసారి 95 రావడానికి కారణం, వెనక వైపు టేపు పైకి ఎక్కి ఏటవాలుగా ఉండడం. అద్దాల బీరువా ముందు నిలబడితే ముందూ పక్కా కనిపిస్తాయి. వెనకవైపు మాత్రం అమ్మ చుట్టూ తిరిగి చూడాల్సిందే. టేపు చర్మానికి తగులుతూ ఉండాలి, చర్మంలోకి దిగకూడదు.

మామూలుగా మూడు నాలుగు ఊపిర్లు తీసుకోండి. మామూలుగా ఊపిరి వదిలిన చివర్లో, మళ్లీ పీల్చుకునే ముందు అంకె చదవాలి. ఊపిరి పూర్తిగా బయటికి నెట్టేయకండి, పొట్ట లోపలికి బిగించకండి. ఫొటోకి నిలబడ్డట్టు బిగిస్తే మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గుతుంది, మోసపోయేది మీరే. అమ్మ మీతో ఏదో మాట కలిపి సమాధానం చెప్పించి చదివితే బిగించడం మర్చిపోతారు. టేపు తీసి, మళ్లీ పెట్టి రెండోసారి చదవండి. రెండింటికీ సెంటీమీటరు లోపు తేడా ఉంటే సగటు రాసుకోండి, అంతకంటే ఎక్కువుంటే రెండూ కొట్టేసి మొదట్నుంచి చేయండి. మీకు 97.2, 96.8 వచ్చాయి, అందుకే 97 అని రాశాను.

లెక్క

ఫోన్ కాలిక్యులేటర్‌లో బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఎత్తు మీటర్లలో వేయాలి, 167 అని వేస్తే అర్థంలేని అంకె వస్తుంది. నడుమును ఎత్తుతో ఒక్కసారి భాగించాలి, రెండూ సెంటీమీటర్లలోనే.

```
70.6 ÷ 1.67 ÷ 1.67 = 25.3
97 ÷ 167 = 0.58
```

మొదటిది బీఎంఐ. రెండోది నడుముకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి. రిపోర్టులో ఈ రెండోది లేనే లేదు, నన్నడిగితే మీ విషయంలో ఎక్కువ చెప్పేది అదే.

25.3 అంటే ఏమిటి

రిపోర్టు వాడిన పట్టికలో 18.5 నుంచి 24.9 దాకా నార్మల్, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. మనవాళ్లకు ఆ గీతలు ఆలస్యంగా గంట కొడతాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఆసియా జనాభా విషయంలో 23, 27.5 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టమంది. 2009లో మన దేశపు వైద్యులు కూర్చుని భారతీయులకు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని నిర్ణయించారు. ఆ లెక్కన మీ 25.3 ఊబకాయం గీతను అప్పుడే దాటింది. రిపోర్టులోని 24.7 నిజమే అనుకున్నా అది అధిక బరువే.

‘నేనేమన్నా లావుగా ఉన్నానా’ అని మీరడుగుతారని తెలుసు. లేరు. చేతులు, కాళ్లు, మొహం సన్నగానే ఉన్నాయి, పొట్ట ఒక్కటే ఉంది. సమస్య అదే. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం మెషీన్‌కు కొవ్వు ఏదో కండ ఏదో తెలియదు, ఎంత బరువో అంతే తెలుసు. మనవాళ్లలో అదే బరువుకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ.

ఆ కొవ్వు ఎక్కడ చేరుతుందన్నది ఇంకా ముఖ్యం. చర్మం కింద ఉన్న కొవ్వు వేలితో పట్టుకుంటే దొరుకుతుంది, అది పెద్దగా అల్లరి చేయదు. పొట్ట లోపల పేగుల చుట్టూ చేరేది వేరు. అక్కడి రక్తం నేరుగా కాలేయానికి వెళ్తుంది కాబట్టి ఆ కొవ్వు కూడా ముందు కాలేయం మీదే పడుతుంది. కాలేయంలో కొవ్వు నిండితే ఇన్సులిన్ మాట వినదు, అవసరం లేకపోయినా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వును రక్తంలో పెంచుతుంది. బీఎంఐ ఈ సంగతి చెప్పలేదు, నడుము కొలత చెబుతుంది. మీ పొట్ట గట్టిగా ఉంటుందని, వేలాడదని అమ్మ అంటుంది. మీరది మంచిదనుకున్నారు. గట్టిగా ముందుకు వచ్చే పొట్టలో చాలావరకు ఉండేది ఈ లోపలి కొవ్వే.

నడుముకు మన గీత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. అమెరికా పట్టికలో మగవాళ్లకు 102 ఉంటుంది, నెట్‌లో అది చూసి ఊరట పడొద్దు. నిష్పత్తి అయితే గుర్తు పెట్టుకోవడం ఇంకా తేలిక: నడుము ఎత్తులో సగం లోపు ఉండాలి. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2022 నుంచి ఇదే చెబుతున్నాయి. 0.5 నుంచి 0.59 దాకా ముప్పు పెరిగినట్టు, 0.6 నుంచి బాగా ఎక్కువైనట్టు. మీది 0.58. మీ ఎత్తులో సగం 83.5. మీ వాకింగ్ బ్యాచ్‌లో ఎవరైనా అడిగితే, వాళ్ల ఎత్తు కొలతగా తాడు కత్తిరించి, రెండు మడతలు పెట్టి నడుముకు చుట్టుకోమనండి. కొసలు కలవకపోతే చెకప్‌కు వెళ్లాల్సిందే.

మిగతా పేజీలతో కలిపి చదవాలి

నడుము ఒక్కదానితో రోగం తేలదు. డాక్టర్లు ఐదు విషయాలు కలిపి చూస్తారు: నడుము 90 లేదా ఎక్కువ, ట్రైగ్లిసరైడ్లు 150 లేదా ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ అంటే హెచ్‌డీఎల్ 40 కంటే తక్కువ, బీపీ 130/85 లేదా ఎక్కువ, పరగడుపు షుగర్ 100 లేదా ఎక్కువ. ఐదింటిలో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. బీపీలో పైఅంకె, కిందిఅంకె రెండూ దాటాలని లేదు, ఒకటి దాటినా లెక్కే. మీ రిపోర్టులో ట్రైగ్లిసరైడ్లు 186, హెచ్‌డీఎల్ 38, బీపీ 134/84, పరగడుపు షుగర్ 108. నడుము కలిపితే ఐదూ ఉన్నాయి.

ఒక్కొక్కటి విడిగా చూస్తే అన్నీ ‘కొద్దిగా ఎక్కువ’, ‘కొద్దిగా తక్కువ’ అనే ఉన్నాయి, అందుకే ఎవరూ ఏమీ అనలేదు. షుగర్ వ్యాధి ఇంకా రాలేదు, గుమ్మం దగ్గర ఉంది. ఈ వారంలో ఫ్యామిలీ డాక్టర్‌ను కలిసి రిపోర్టుతో పాటు మన కొలతలు చూపించండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాలా, కాలేయానికి స్కానింగ్ కావాలా అని అడగండి. అమ్మ చెప్పే ఆ గురక సంగతి మీరు దాచకుండా చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకూ ఈ పొట్టకూ సంబంధం ఉంది. బీపీ ఒక్కసారి చూసి తేల్చరు. ఇంట్లో మెషీన్‌తో వారం రోజులు ఉదయం, రాత్రి చూసి రాసుకెళ్తే డాక్టరుకు పని తేలిక.

ఏం తగ్గించాలి, ఎంత

64 కిలోలకు దిగితే బీఎంఐ 23 కిందికి వస్తుంది. కానీ అక్కడ మొదలుపెట్టొద్దు. మొదటి గురి ఆరు నెలల్లో ఐదు శాతం, అంటే మూడున్నర కిలోలు. 67 అవుతారు, బీఎంఐ 24.0. ఉజ్జాయింపుగా కిలో తగ్గితే నడుము సెంటీమీటరు తగ్గుతుంది కాబట్టి 93, 94 దగ్గరికి వస్తుంది. గీత కిందికి ఇంకా రాకపోయినా, లోపలి కొవ్వు ముందుగా కరుగుతుంది కనుక ట్రైగ్లిసరైడ్లు, షుగర్ అప్పటికే మారుతాయి.

తిండి గురించి రెండే చెబుతాను. మొదటిది నూనె. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీలు తినే మనిషికి రోజుకు వంటనూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. మీ ఇద్దరికీ 54. లీటరు ప్యాకెట్ 910 గ్రాములని దాని మీదే రాసి ఉంటుంది. అంటే నెయ్యి అసలు వాడకపోయినా అది 17 రోజులు రావాలి. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజున మార్కర్‌తో తేదీ వేయండి, ఎన్నాళ్లకు అయిపోతోందో తెలుస్తుంది. పది రోజులకే అయిపోతే పూరీలు, బజ్జీలు, తాలింపుల సంగతి అమ్మతో మాట్లాడాలి.

రెండోది అన్నం. పూర్తిగా మానేసి నాలుగు రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టే కంటే, కొలిచి వండడం నయం. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ.ది, అందులో బియ్యం సుమారు 150 గ్రాములు పడతాయి. రాత్రి మీ ఇద్దరికీ ఆ కప్పు నిండా వండుతున్నారు. సగం కప్పు వండి, ఆ ఖాళీని పప్పు, కూరతో నింపండి. రాత్రి తిన్నాక టీవీ ముందు కూర్చోకుండా పావుగంట మేడ మీద నడిస్తే భోజనం తర్వాత పెరిగే షుగర్ కూడా తగ్గుతుంది. పొద్దున్నే వేడినీళ్లలో తేనె కలిపి తాగితే కొవ్వు కరగదు. తేనె కూడా చక్కెరే, చెంచాకు ఇరవై కేలరీలు.

ఇక్కడొక మెలిక ఉంది. అరవై దాటాక తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మెషీన్ సంతోషపెడుతుంది, మోకాళ్లు ఏడుస్తాయి. అందుకని పప్పు, పెరుగు, గుడ్డు తగ్గించొద్దు. నడక ఒక్కటే చాలదు, వారానికి రెండు మూడు రోజులు కండకు పని పెట్టాలి. చేతులు లేని డైనింగ్ కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, లేచి కూర్చోవడం పదిసార్లు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ పది. మోకాలు నొప్పి పెడితే ఆపేసి డాక్టర్‌ను అడగండి. కొన్ని వారాలు బరువు 70 దగ్గరే ఆగి, నడుము 96, 95 అవుతుంటే నిరుత్సాహపడకండి. కొవ్వు పోతూ కండ నిలబడితే అలాగే ఉంటుంది. పొట్టకు కట్టుకునే బెల్టులు కొనొద్దు, అవి తీసేది చెమటనే.

అమ్మకు ఇదే పద్ధతి నేరుగా పెట్టకండి. తను వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్ర, తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతుంది. అన్నం ఒక్కసారిగా సగం చేస్తే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. తన డాక్టరుతో మాట్లాడి, అవసరమైతే మోతాదు మార్చాకే తగ్గించాలి. అలాంటి లక్షణాలు ఎప్పుడైనా కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత షుగర్ చూడండి. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ అంకెలు తప్పుదోవ పట్టించే సందర్భాలు

మీరేమీ మార్చకుండానే బరువు తగ్గితే అది గెలుపు కాదు. ఆరు నెలలు, ఏడాదిలో ఐదు శాతం, అంటే మీకు మూడున్నర కిలోలు తనంతట తానే పోతే పరీక్షలు చేయించాలి. అలాగే నడుము రెండు మూడు వారాల్లో గబగబా పెరిగి, పాదాల వాపు, ఆయాసం తోడైతే అది కొవ్వు కాదు, నీరు చేరడం కావచ్చు. ఆ రోజే చూపించుకోవాలి. హెర్నియా ఉన్నా, మలబద్ధకంతో పొట్ట ఉబ్బినా టేపు ఎక్కువ చూపిస్తుంది. ఉబ్బరం ఉన్న రోజు కొలవకుండా మర్నాడు కొలవండి.

రాసుకోవడం

బరువు వారానికోసారి ఆదివారం ఉదయం, నడుము నెలకోసారి మొదటి ఆదివారం. నడుమును వారం వారం చూస్తే కొలతలో వచ్చే తప్పే అసలు మార్పుకంటే పెద్దగా ఉంటుంది. క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే పెన్నుతో రాయండి: బరువు, నడుము, ఏ టేపు, ఎవరు కొలిచారు. నెల నెలా కొలిచేది అమ్మే అయితే మంచిది, చెయ్యి మారితే అంకె మారుతుంది. ఆ గడి ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయండి. మూడు నెలల తర్వాత లిపిడ్ ప్రొఫైల్, పరగడుపు షుగర్ మళ్లీ చేయించాలా అని డాక్టర్‌ను అడగండి. ఆ చెకప్‌కు వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో ఎత్తు అడిగితే 167 అని చెప్పండి, నడుము అడిగితే ప్యాంటు సైజు చెప్పకుండా టేపు తెమ్మనండి.